పండక్కి రాలేనమ్మా: ఆ ఉత్తరం వెనకున్న వీసా లెక్క

"అమ్మా,

ఈ సంక్రాంతికి నేను రావడం లేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే కళ్లనీళ్లు పెట్టుకుంటావు, నేను ఆ మాటా ఈ మాటా చెప్పి 'సెలవు దొరకలేదు' అనేస్తాను. అందుకే రాస్తున్నాను. సెలవు దొరికింది. డబ్బులకీ ఇబ్బంది లేదు. టికెట్టు కూడా కొన్నాను, నిన్ననే రద్దు చేశాను. డిసెంబరు 22న హైదరాబాదులో నా స్టాంపింగ్ ఉందని చెప్పాను కదా, దాన్ని మార్చి నెలకి జరిపేశారు. ఇప్పుడొస్తే పండగ మీతో చేసుకుంటాను గానీ, మళ్లీ ఇక్కడికి రావడానికి పనికొచ్చే వీసా నా పాస్‌పోర్టులో లేదు. మన వీధి చివర మాస్టారి గారబ్బాయి వస్తున్నాడు, నీకేం వచ్చిందని అడుగుతావు. అతని సంగతి వేరమ్మా. నాన్నమ్మకి బట్టలు పెట్టేటప్పుడు నా పేరు కూడా చెప్పి పెట్టు. డబ్బులు నాన్న ఖాతాలో వేశాను. అరిసెలు మాత్రం అతని చేత పంపించు. ఒక్క డబ్బా చాలు."

ఈ ఉత్తరం ఏ ఒక్క అమ్మాయో రాసింది కాదు. 2025 డిసెంబరులో అమెరికా నుంచి ఎన్నో తెలుగు ఇళ్లకు చేరిన కబురును ఒకచోట కూర్చి రాసుకున్న నమూనా. అమ్మ ఉండేది అమలాపురం దగ్గర ఒక ఊళ్లో అనుకుందాం. కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఉత్తరం చదివిన తల్లికి మొదట తోచే ప్రశ్న ఒకటే: ఉద్యోగం ఉంది, కాగితాలన్నీ సరిగా ఉన్నాయంటోంది, మరి వచ్చి వెళ్లడానికి ఏమిటి అడ్డం? ఈ ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కష్టం. అందుకే చాలామంది పిల్లలు సెలవు మీద నెట్టేసి ఊరుకుంటారు. అసలు సంగతి కాస్త వివరంగా చూద్దాం.

ఉండడానికి ఒకటి, రావడానికి ఇంకొకటి

అమెరికాలో ఉద్యోగం చేసుకునే మనవాళ్లలో ఎక్కువమంది ఉండేది హెచ్-1బి కింద. దీనికి సంబంధించి చూడాల్సిన కాగితాలు రెండు. మొదటిది ఐ-797 అనే మంజూరు పత్రం. 'ఈ మనిషిని ఫలానా తేదీదాకా మా దగ్గర పనిలో పెట్టుకుంటాం' అని కంపెనీ అడిగితే, అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ సరేనని ఇచ్చే పత్రం అది. దాంతోపాటు ఐ-94 అనే నమోదు ఉంటుంది. అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పేది అదే.

రెండోది వీసా. పాస్‌పోర్టు పేజీ మీద అతికించే స్టిక్కరు ఇది. దీన్ని ఇచ్చేది ఇమ్మిగ్రేషన్ శాఖ కాదు, విదేశాంగ శాఖ. అదీ అమెరికా బయట ఉన్న రాయబార కార్యాలయాల్లో, కాన్సులేట్లలో. మనవాళ్లు స్టాంపింగ్ అనేది ఈ స్టిక్కరు వేయించుకోవడాన్నే. విమానం దిగి ఆ దేశంలో అడుగుపెట్టడానికి అనుమతి అడిగేటప్పుడు దీంతో పని పడుతుంది. లోపలికి వెళ్లిపోయాక ఆ స్టిక్కరు గడువు తీరినా ఏమీ కాదు. ఐ-94 గడువు ఉన్నంతకాలం ఉద్యోగం చేసుకోవచ్చు, జీతం తీసుకోవచ్చు, ఇల్లు కూడా కొనుక్కోవచ్చు. ఇంటి అద్దె ఒప్పందం వేరు, వీధి గేటు తాళంచెవి వేరు. ఒప్పందం ఉన్నంతకాలం ఇంట్లో ఉండవచ్చు. చెవి లేకుండా గేటు దాటి బయటికి వస్తే మాత్రం మళ్లీ లోపలికి వెళ్లలేం.

మన ఉత్తరంలోని అమ్మాయి పరిస్థితి సరిగ్గా ఇదే. ఆమె 2021లో ఎంఎస్ చదవడానికి వెళ్లింది. అప్పుడు హైదరాబాదులో ఎఫ్-1 విద్యార్థి వీసా వేశారు. దాని గడువు అయిదేళ్లు, అంటే 2026 దాకా. చదువయ్యాక విద్యార్థులకు ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగంలో చేరింది. 2023 చలికాలంలో ఒకసారి ఇంటికి వచ్చి, అదే విద్యార్థి వీసా మీద తిరిగి వెళ్లింది. 2024 మార్చి లాటరీలో ఆమె పేరు తగిలింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, దేశం దాటకుండానే, ఆమె హోదా విద్యార్థి నుంచి హెచ్-1బికి మారింది. ఐ-797 మీద 2027 సెప్టెంబరు దాకా గడువుంది.

ఇక్కడే తల్లిదండ్రులు పొరబడతారు. పాస్‌పోర్టు తెరిచి చూస్తే 2026 అని రాసున్న వీసా కనిపిస్తూనే ఉంటుంది. 'గడువుంది కదమ్మా' అంటారు. కానీ అది విద్యార్థి వీసా. ఆమె ఇప్పుడు విద్యార్థి కాదు. ఆ స్టిక్కరు చూపించి ఉద్యోగిగా లోపలికి వెళ్లడానికి కుదరదు. హెచ్-1బి స్టిక్కరు ఆమె పాస్‌పోర్టులో ఇంతవరకూ పడనేలేదు. హోదా మారాక ఒకసారి దేశం దాటితే, స్టాంపింగ్ చేయించుకుంటే తప్ప వెనక్కి వెళ్లలేదు.

స్టాంపింగ్‌లో ఏం జరుగుతుంది

పద్ధతి చూస్తే పెద్ద చిక్కుగా అనిపించదు. ముందు డీఎస్-160 అనే దరఖాస్తు ఆన్‌లైన్లో నింపాలి. హెచ్-1బికి రుసుము 205 డాలర్లు. తర్వాత రెండు అపాయింట్‌మెంట్లు తీసుకోవాలి. ఒకటి వేలిముద్రలకు, ఫోటోకు. హైదరాబాదులో ఆ కేంద్రం మాదాపూర్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉంది. రెండోది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు. బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండే కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా దీని పరిధిలోకి వస్తాయి.

ఐ-797, కంపెనీ ఇచ్చిన ఉద్యోగ పత్రం, జీతం చీటీలు పట్టుకుని వెళ్తే కిటికీ అవతలి అధికారి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఏం పని చేస్తావు, ఎవరి కోసం చేస్తావు, ఎక్కడ చదివావు, జీతమెంత. చాలావరకు నిమిషాల్లో అయిపోతుంది. ఒప్పుకుంటే పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకుని, స్టిక్కరు వేసి కొన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు.

అలా కాకుండా ఒక చీటీ చేతిలో పెట్టి పంపిస్తే కథ మారుతుంది. దాని మీద 221(జి) అని ఉంటుంది. దరఖాస్తును శాశ్వతంగా కొట్టేసినట్టు కాదు, మంజూరు చేసినట్టూ కాదు. ఇంకా పరిశీలించాలి, లేదా ఇంకొన్ని కాగితాలు కావాలి అని అర్థం. కొందరికి వారంలో తేలిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువేదీ లేదు. పండక్కి వచ్చే పిల్లలు అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఈ చీటీకే.

ఒక్కో దారీ ఎలా మూసుకుపోయింది

ఇదే అమ్మాయి 2024 డిసెంబరులో వచ్చి ఉంటే పని తేలిగ్గా అయిపోయేది. అప్పట్లో డ్రాప్‌బాక్స్ పద్ధతి ఉండేది. అంతకుముందు విద్యార్థి వీసా వంటిదేదైనా ఉండి, దాని గడువు తీరి నాలుగేళ్లు దాటకపోతే, ఇంటర్వ్యూ అక్కర్లేకుండా పాస్‌పోర్టు, కాగితాలు అప్పగించి రావడానికి వీలుండేది. విద్యార్థి నుంచి హెచ్-1బికి మారినవాళ్లు కూడా ఆ దారిలోనే స్టాంపింగ్ చేయించుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ సదుపాయాన్ని అదే తరగతి వీసాకు, గడువు తీరి ఏడాది లోపు ఉన్నవాళ్లకు కుదించారు. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బికి అది పూర్తిగా పోయింది. ఇప్పుడు మనిషి స్వయంగా ఇంటర్వ్యూకు రావాల్సిందే.

ఇంకో దారి ఉండేది. హైదరాబాదులో తేదీ దొరక్కపోతే మెక్సికోకో, మరో దేశానికో వెళ్లి అక్కడి కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని, తర్వాత తీరిగ్గా ఇంటికి వచ్చేవాళ్లు. తాత్కాలిక వీసాలు కోరేవాళ్లు సొంత దేశంలోనో, తాము నివాసముండే దేశంలోనో మాత్రమే ఇంటర్వ్యూ తీసుకోవాలని 2025 సెప్టెంబరు మొదటి వారంలో అమెరికా ప్రకటించింది. అమెరికాలో పనిచేసే భారతీయులు ఇక భారతదేశానికే రావాలి. దాంతో తేదీలు కోరేవాళ్లందరూ ఇక్కడి కార్యాలయాల ముందే వరస కట్టారు.

మరి అమెరికాలోనే వేయించుకోవచ్చు కదా అని అడగవచ్చు. ఒకప్పుడు ఆ వీలుండేది. హెచ్-1బి వారికి అక్కడే వీసా పొడిగించే పద్ధతి 2004 దాకా నడిచింది. వేలిముద్రలు, ఇంటర్వ్యూలు తప్పనిసరి చేశాక ఆ ఏడాది దాన్ని ఆపేశారు. మళ్లీ 2024 జనవరిలో 20 వేల మందికి పరిమితం చేసి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. కొద్ది వారాలు నడిచాక అది ముగిసింది. అందులోనూ అంతకుముందు హెచ్-1బి స్టిక్కరు ఉన్నవాళ్లకే చోటు. మన అమ్మాయికి ఆ స్టిక్కరే లేదు కాబట్టి అది ఆమెకు ఎలాగూ పనికిరాదు.

వీటన్నిటి మధ్య ఆమె ఎలాగో డిసెంబరు 22కి తేదీ సంపాదించింది. డిసెంబరు 3న కొత్త ప్రకటన వచ్చింది. అదే నెల 15 నుంచి హెచ్-1బికి, వారి కుటుంబ సభ్యులు తీసుకునే హెచ్-4కి దరఖాస్తు చేసే అందరి సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలిస్తామని, ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని దాని సారాంశం. విద్యార్థులకు ఈ పరిశీలన అదే ఏడాది జూన్ నుంచే ఉంది. ఒక్కో దరఖాస్తుకు పట్టే సమయం పెరిగింది, రోజుకు చూడగలిగే దరఖాస్తులు తగ్గాయి. డిసెంబరు నడిమి నుంచి ఉన్న ఇంటర్వ్యూలను చాలామందికి 2026 మార్చికి, కొందరికి ఇంకా ముందుకు జరుపుతూ ఈమెయిళ్లు వచ్చాయి. తేదీ మారినట్టు కబురు అందాక కూడా పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వబోమని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం స్పష్టంగా చెప్పింది.

ఆ కబురు ఫ్రిస్కోలో ఉండగానే అందడం ఈ అమ్మాయి అదృష్టం. అప్పటికే సెలవు పెట్టి ఊరికి వచ్చేసినవాళ్లు ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

వచ్చి ఇరుక్కుపోతే ఏమవుతుంది

'మార్చిదాకా ఇక్కడే ఉండు, ఇంట్లోంచే పని చేసుకో' అని తల్లి అనడం సహజం. చూస్తే అది తేలికైన ఉపాయంలాగే ఉంటుంది. కానీ అమెరికా జీతపట్టీలో ఉన్న మనిషి నెలల తరబడి భారతదేశంలో కూర్చుని పనిచేస్తే కంపెనీకి పన్నుల చిక్కులొస్తాయి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ సంస్థల సమాచారంతో నడిచే ప్రాజెక్టులకైతే దేశం దాటి కంప్యూటరు తెరవనివ్వరు. కొన్ని కంపెనీలు రెండు మూడు వారాలు చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. ఆ తర్వాత జీతం లేని సెలవు, అది కూడా అయ్యాక ఉద్యోగానికే ఎసరు. అక్కడ ఇంటి అద్దె, కారు వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఉద్యోగం పోతే తర్వాతి దెబ్బ ఇంకా పెద్దది. హెచ్-1బి ఆ కంపెనీకి ముడిపడి ఉంటుంది. అమెరికాలో ఉండగా ఉద్యోగం పోతే ఇంకో కంపెనీని వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గడువు దొరుకుతుంది. ఇండియాలో ఉండగా పోతే ఆ అండ లేదు. పైగా 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. దేశం బయట ఉండి, చేతిలో చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివాళ్ల కోసం కంపెనీ కొత్తగా పెట్టే దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నది దాని ముఖ్యాంశం. సెప్టెంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన అమ్మాయి దరఖాస్తు 2024లోనే మంజూరైంది కాబట్టి ఆమెకు ఇప్పుడు ఆ బెడద లేదు. కానీ ఊళ్లో ఉండగా ఉద్యోగం పోయి, స్టిక్కరు కూడా లేకపోతే, ఇంకో కంపెనీ ఆమె కోసం కొత్తగా దరఖాస్తు పెట్టాలంటే ఆ లక్ష డాలర్లు అడ్డొచ్చే ప్రమాదం ఉంది. ఒక ఉద్యోగి కోసం అంత డబ్బు కట్టే కంపెనీలు ఎన్ని ఉంటాయి?

కాబట్టి ఆమె తూచుకున్నది ఉద్యోగాన్నీ అమ్మనూ కాదు. మూడు రోజుల పండగకు వస్తే నాలుగేళ్లుగా కట్టుకున్న బతుకు చేజారవచ్చు. ఆగితే ఒక్క పండగ పోతుంది. ఆమె ముందున్న లెక్క అది.

మాస్టారి గారబ్బాయి ఎలా వచ్చాడు

వీధిలో వినిపించే మాట ఇదే. 'వాళ్లబ్బాయి వచ్చాడు, మీ అమ్మాయికేం?' ఒకే ఊరు, ఒకే దేశం, ఒకే రకం ఉద్యోగం అయినా కాగితాలు ఒకటి కావు. ఆ అబ్బాయికి 2024లోనే హెచ్-1బి స్టిక్కరు పడి, 2027 దాకా గడువుంటే అతను కాన్సులేట్ మొహం చూడక్కర్లేదు. పండగ చేసుకుని విమానం ఎక్కేయడమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు స్టాంపింగే ఉండదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇక్కడికి ఓసీఐ కార్డు మీద వస్తారు, అక్కడి పాస్‌పోర్టుతో తిరిగి వెళ్తారు. గ్రీన్‌కార్డు చివరి దశలో ఉన్న కొందరి చేతిలో అడ్వాన్స్ పరోల్ అనే ప్రయాణ అనుమతి ఉంటుంది. వీళ్లెవరితోనూ మన అమ్మాయిని పోల్చడానికి లేదు.

ఇంకో రకం వాళ్లున్నారు. వీళ్ల పాస్‌పోర్టులో హెచ్-1బి స్టిక్కరే ఉంటుంది, కానీ దాని గడువు తీరిపోయి ఉంటుంది. ఐ-797 మాత్రం ఇంకో మూడేళ్లకు పొడిగించి ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం వీళ్లకు ఏ లోటూ లేదు. దేశం దాటితే మాత్రం మన అమ్మాయిలాగే కొత్త స్టిక్కరు కోసం వరసలో నిలబడాలి. పదేళ్ల నుంచి అక్కడుంటున్న కొడుకు కూడా ఒక్కోసారి 'ఈసారి రాలేను' అనడానికి కారణం ఇదే.

అమ్మే వెళ్తే

ఉత్తరంలో ఆ మాట లేదు గానీ, చాలా ఇళ్లలో అదీ నడుస్తుంది. పిల్ల రాలేకపోతే తల్లిదండ్రులే బయల్దేరుతారు. వాళ్లకు కావాల్సింది బి-2 సందర్శక వీసా. రుసుము 185 డాలర్లు, సాధారణంగా పదేళ్ల గడువుతో ఇస్తారు. మొదటిసారి తీసుకునేవాళ్లకు ఇంటర్వ్యూ తప్పదు, తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. పాత పదేళ్ల వీసా గడువు తీరి ఏడాది కానివాళ్లకు మాత్రం ఇంటర్వ్యూ లేకుండా పునరుద్ధరించుకునే వీలు ఇంకా మిగిలి ఉంది. ఇంట్లో పాత స్టిక్కరు ఉంటే దాని తేదీ ఒకసారి చూసుకోవడం మంచిది. ఆ ఏడాది దాటనిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పండగ కోసమే అయితే ఈ ఉపాయం పెద్దగా పనికిరాదు. 2026లో భోగి జనవరి 14 బుధవారం, సంక్రాంతి గురువారం, కనుమ శుక్రవారం. అక్కడ మూడూ పనిదినాలే. తెలుగు సంఘాలు ఆ చుట్టుపక్కల వచ్చే శని, ఆదివారాల్లో ముగ్గుల పోటీలూ భోజనాలూ పెడతాయి. అమలాపురంలో తెల్లవారుజామున నాలుగున్నరకు భోగిమంట వేస్తే, డాలస్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రం అయిదు. ఆఫీసు ముగించుకున్న కూతురు ఫోన్లో ఆ మంట చూడగలదు. పెద్దలకు బట్టలు పెట్టే వేళకు అక్కడ రాత్రి అవుతుంది. ఆ సమయం ముందే చెబితే మేలుకుని ఉంటుంది.

ఈసారి ఏం అడగాలి

వచ్చే పండక్కి రమ్మనే ముందు ఇంట్లోవాళ్లు పిల్లలను అడిగి తెలుసుకోవాల్సిన తేదీలు మూడున్నాయి. మొదటిది పాస్‌పోర్టులోని వీసా ఏ తరగతిది, గడువు ఎప్పటిదాకా అన్నది. ఇప్పుడున్న హోదా, స్టిక్కరు మీది తరగతి ఒకటే అయి, తిరిగి వెళ్లే రోజుకు గడువు మిగిలి ఉంటే నిశ్చింతగా రమ్మనవచ్చు. రెండోది ఐ-94 తేదీ. మూడోది పాస్‌పోర్టు గడువు. దీన్ని చాలామంది పట్టించుకోరు. పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే, విమానాశ్రయంలో అధికారి ఐ-94ను ఆ తేదీకే కుదించి ఇచ్చే అవకాశం ఉంది. ఐ-797 మీద 2027 ఉన్నా, ఆ చిన్న తేదీయే లెక్కలోకి వస్తుంది. పాస్‌పోర్టును అమెరికాలోని భారత కాన్సులేట్ ద్వారా ముందే కొత్తది చేయించుకుంటే ఈ చిక్కు రాదు.

స్టాంపింగ్ అవసరమైనవాళ్లు పండగ తేదీని బట్టి టికెట్టు కొనడం మంచిది కాదు. ఇంటర్వ్యూ తేదీ చేతికి వచ్చాకే కొనాలి. ఆ తర్వాత కూడా డబ్బు వెనక్కి వచ్చే టికెట్టే కొనాలి. 221(జి) చీటీ వస్తే ఎన్ని వారాలు ఇండియా నుంచి పని చేయనిస్తారో కంపెనీని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ నిబంధనలు ఒక్క ఏడాదిలోనే ఎన్నిసార్లు మారాయో చూశాం. కాబట్టి పక్కింటివాళ్ల అనుభవాన్ని నమ్ముకోకుండా, బయల్దేరే ముందు కాన్సులేట్ ప్రకటనలు చూసుకుని, కంపెనీ లాయరును అడగాలి.

పిల్లలకు ఒక మాట. సెలవు దొరకలేదని చెబితే అమ్మ నమ్ముతుంది, కానీ తన కంటే ఆఫీసే ఎక్కువైందని బాధపడుతుంది. స్టాంపింగ్ సంగతి విడమరిచి చెబితే ఆమెకు అర్థం కానిదేమీ ఉండదు. తల్లిదండ్రులకు ఒక మాట. 'అందరి పిల్లలూ వస్తున్నారు, నువ్వే రావడం లేదు' అనకండి. 'నీ స్టాంపింగ్ ఎప్పుడు?' అని అడగండి. ఆ తేదీ సంక్రాంతికి పడకపోతే, అది ఏ నెలలో పడితే ఆ నెలలోనే అరిసెలు వండండి.